ఫోల్డర్‌లో ఒక్క కాగితం తక్కువైన తండ్రి కథ: ఎలా రాయాలి

ప్రభుత్వ కార్యాలయం. కౌంటర్ ముందు ఒక తండ్రి. చేతిలో ఎంతో జాగ్రత్తగా సర్దుకొచ్చిన ఫోల్డర్. అందులో ఒక్క కాగితం లేదు. కథలు రాయడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఏదో ఒక రోజు ఈ కథావస్తువు దగ్గరికి వస్తారు. వచ్చి అందరూ ఒకేచోట ఆగిపోతారు. నన్ను అడిగే ప్రశ్న కూడా ఎప్పుడూ అదే: "కాగితం లేదని తెలిసేదాకా బాగానే వస్తోందండీ. ఆ తర్వాత ఏం రాసినా ఏడుపు కథో, లంచం కథో అయిపోతోంది. ఏం చెయ్యాలి?"

చిక్కు కనిపించేది కథ రెండో సగంలో. అది పడేది మాత్రం మొదటి వాక్యం కంటే ముందే. ఏ కాగితం లేదో, ఎందుకు లేదో తేల్చుకోకుండా రాయడం మొదలుపెడితే, లేదని తెలిశాక ఆ తండ్రికి చెయ్యడానికి పనేమీ ఉండదు. పని లేని పాత్ర ఏడుస్తుంది, లేదా ఎవరిమీదో అరుస్తుంది. అందుకే కింద చెప్పే పద్ధతిలో మొదటి రెండు మెట్లకే ఎక్కువ సమయం పెట్టమంటాను. మొత్తం పద్ధతిని ఒకే ఉదాహరణ మీద చేసి చూపిస్తాను.

ముందుగా కావలసినవి

- ఒక అసలు ఫోల్డర్, ప్లాస్టిక్ కవర్లున్నది. ఊహించుకుంటే చాలదు, చేతిలో ఉండాలి.
- అందులో పెట్టడానికి ఆరేడు కాగితాలు. మీ ఇంట్లోవే చాలు.
- ఒక అప్లికేషన్, దానికి జత చెయ్యాల్సిన పత్రాల జాబితా. ఏదైనా ఒక నిజమైన ఫారం చివరి పేజీ తీసుకుని చూడండి.
- గోడ గడియారం లెక్క: తండ్రి ఎన్నింటికి కౌంటర్ ముందుకొచ్చాడు, కౌంటర్ ఎన్నింటికి మూస్తారు.
- వీలైతే అలాంటి కౌంటర్ దగ్గర ఒక గంటసేపు కూర్చునే ఓపిక.

1. ఏ కాగితం లేదో, ఎందుకు లేదో ముందు తేల్చుకోండి

ఇందులో ఒక్కటే షరతు. కాగితం తగ్గడానికి కారణం ఆ తండ్రి జాగ్రత్తలోంచే పుట్టాలి. మరిచిపోయాడు అని రాస్తే కథ అక్కడే చచ్చిపోతుంది. అంత జాగ్రత్తగా సర్దుకున్న మనిషి ఎలా మరిచిపోయాడని పాఠకుడు అడుగుతాడు, జవాబు ఉండదు. బస్సులో ఎవరో కొట్టేశారన్నా, గాలికి ఎగిరిపోయిందన్నా అది ప్రమాదం. దానికీ ఆ మనిషి స్వభావానికీ సంబంధం లేదు.

మన ఉదాహరణ ఇది. కూతురికి కాలేజీలో సీటు వచ్చింది. నివాస ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేసిన రసీదైనా రేపటిలోగా కాలేజీలో చూపించాలి. ఆ దరఖాస్తుతో పాటు కూతురి జనన ధ్రువీకరణ పత్రం ఒరిజినల్ చూపించి, జిరాక్స్ ఇవ్వాలి. తండ్రికి ఆ ఒరిజినల్ అంటే ప్రాణం. అది ఊళ్లు తిరిగి ఎక్కడైనా పోతే ఎలా అని, ముందురోజు సాయంత్రం దానికి కలర్ జిరాక్స్ తీయించి ఇంట్లో ఉంచాలనుకున్నాడు. షాపులో వెనక మనుషులు నిలబడి ఉన్నారు. షాపతను రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఇచ్చాడు. తండ్రి అక్కడికక్కడే రెండిటినీ రెండు ప్లాస్టిక్ కవర్లలోకి తోశాడు. ఒకటి ఫోల్డర్‌లోకి వెళ్లింది, ఒకటి బీరువాలోకి. బీరువాలోకి వెళ్లింది ఒరిజినల్.

ఈ కారణం నాకు ఎందుకు నచ్చుతుందో చెబుతాను. పాత సర్టిఫికెట్ మధ్యలో మడత ఉంటుంది. కలర్ జిరాక్స్‌లో ఆ మడత గీతలా అచ్చవుతుంది. కానీ కాగితం చదునుగానే ఉంటుంది. కవర్లో ఉన్నంతసేపు కంటికి రెండూ ఒకటే. తేడా చేతికే తెలుస్తుంది, చేతికి తెలియకుండా అడ్డుపడింది ఆయన పాడవకూడదని వేసిన కవరే. తండ్రి చేసిన ప్రతి జాగ్రత్తా పొరపాటును ఇంకొంచెం లోపలికి దాచింది. ఇంత దొరికాక కథ రాయడానికి సగం బలం వచ్చినట్టే.

*వేరే దారులు:* ఒరిజినల్ జిరాక్స్ మెషీన్ మూత కిందే ఉండిపోవచ్చు. ఇది నిజంగా తరచూ జరిగేదే, పైగా చివరగా జిరాక్స్ తీసిన కాగితానికే జరుగుతుంది. లేదంటే గుర్తింపు కార్డుకు ముందు వైపు మాత్రమే జిరాక్స్ తీయించి ఉండొచ్చు, చిరునామా వెనక వైపు ఉంటుంది. రెండూ పనికొస్తాయి. రెండో దాంట్లో కథ చిన్నదవుతుంది, ఎందుకంటే పక్కనే జిరాక్స్ షాపు ఉంటే పది నిమిషాల్లో పని తేలిపోతుంది.

*హెచ్చరిక:* లేని కాగితం భార్య మరణ ధ్రువీకరణ పత్రం అని రాయాలని చాలామందికి అనిపిస్తుంది. అది రాయకూడనిదేమీ కాదు. కానీ ఆ కాగితం పేరు చెప్పగానే పాఠకుడి బాధంతా దానిమీదికి పోతుంది. కౌంటర్, ఫోల్డర్, సర్దుకోవడం అన్నీ పక్కకు జరిగిపోతాయి. అది వేరే కథ. మొదటిసారి రాస్తున్నవాళ్లు మామూలు కాగితంతోనే మొదలుపెట్టండి.

2. ఫోల్డర్‌ను నిజంగా సర్దండి

ఇది వ్యాయామం కోసం చెప్పడం లేదు. కథలో వాడుకోవడానికే. ఆరేడు కాగితాలను తండ్రి సర్దినట్టు మీ చేత్తో సర్దండి. సర్దుతూ ఉంటే ఏ వరుసలో పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబే ఆ మనిషి.

మన తండ్రి అప్లికేషన్ ఫారం చివర ఉన్న జాబితా ప్రకారం సర్దాడు. మొదట ఫారం, తర్వాత రెండు ఫొటోలు చిన్న కవర్లో, తర్వాత తన గుర్తింపు కార్డు, కూతురిది, జనన ధ్రువీకరణ పత్రం, స్కూలు సర్టిఫికెట్, చివర కరెంటు బిల్లు. ప్రతి ఒరిజినల్ వెనకాల దాని జిరాక్స్. ఫొటోల వెనక పెన్సిల్‌తో కూతురి పేరు రాశాడు, పెన్నుతో రాస్తే సిరా ముందుకు దిగుతుందని. గుండుసూది పెట్టలేదు, కౌంటర్లో వాళ్లే పెట్టుకుంటారని. ఇదంతా మీ నోట్సులో ఉండాలి. కథలో అన్నీ చెప్పకండి. మూడు చాలు. ఏ మూడు? పాఠకుడు కళ్లతో చూడగలిగేవి ఒకటి రెండు, తర్వాత పనికొచ్చేది ఒకటి. ఫొటో వెనక పెన్సిల్, ఒరిజినల్ వెనకాల జిరాక్స్, కవర్లోంచి కనిపించే మడత గీత. ఈ మూడూ ఉంటే మనిషి వచ్చేస్తాడు.

పొరపాటు జరిగే చోటు ఒకటుంది. రాసేవాళ్లు పత్రాల జాబితాను యథాతథంగా కథలోకి దించేస్తారు. "ఆధారాలన్నీ ఉన్నాయి: ఇది, అది, మరొకటి..." అంటూ అర పేజీ. జాబితా చదివితే జాగ్రత్త కనిపించదు. చేతులు కదిలితేనే కనిపిస్తుంది. మీ కథలో ఫోల్డర్ గురించిన వాక్యాలన్నీ ఒకచోట రాసుకోండి. వాటిలో ఆయన చెయ్యి చేసే పని లేని వాక్యాలు కొట్టేయండి.

3. కౌంటర్ ఎలా పనిచేస్తుందో రాసుకోండి

ఇక్కడ త్వరగా వెళ్లొచ్చు, కానీ రెండు విషయాలు వదలకూడదు.

మొదటిది సమయం. మన కథలో తండ్రి టోకెన్ నంబరు పిలిచేసరికి 12 గంటల 20 నిమిషాలు. దరఖాస్తులు ఒంటిగంట వరకే తీసుకుంటారు. ఇంటినుంచి ఆఫీసుకు గంట ప్రయాణం. ఈ మూడు అంకెలూ పాఠకుడికి కథ మొదటి భాగంలోనే, ఒత్తి చెప్పకుండా, అందాలి. అప్పుడు కాగితం లేదని తెలిసిన మరుక్షణం, ఇవాళ కుదరదని పాఠకుడే లెక్కేసుకుంటాడు. మీరు చెప్పనక్కర్లేదు.

రెండోది గుమస్తా. ఆమె చెప్పింది కరెక్టయి ఉండాలి. ఒరిజినల్ చూసి, జిరాక్స్‌తో పోల్చి, సరిచూశానని సంతకం పెట్టాల్సింది ఆమె. చూడకుండా పెడితే ఆమె తప్పు చేసినట్టు. ఇలా రాసుకున్నప్పుడు ఏం జరుగుతుందో గమనించండి: కథలో తప్పు చేసినవాళ్లు ఎవరూ ఉండరు. తండ్రి జాగ్రత్తపరుడే, గుమస్తా తన పని తను చేసింది, జిరాక్స్ షాపతను కాగితాలు తిరిగిచ్చాడు. అయినా పని జరగలేదు. ఈ వస్తువులో ఉన్న అసలు బరువు ఇదే. గుమస్తాను చెడ్డదాన్ని చేస్తే ఆ బరువంతా ఆమె నెత్తిన పడి, తండ్రి చేతులు ఖాళీ అయిపోతాయి. కథ లంచం వైపు జారేది కూడా సరిగ్గా అక్కడినుంచే.

ఆమెను మరీ మంచిదాన్ని చెయ్యడం కూడా అంతే చెరుపు. "పోనీలెండి, ఇచ్చేయండి" అని సంతకం పెట్టేస్తే, పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు గానీ కథ మిగలదు.

4. కౌంటర్ దగ్గరే మొదలుపెట్టండి

తెల్లవారుజామున లేవడం, స్నానం, బస్సు, కూతురు టాటా చెప్పడం, వీటితో మొదలుపెట్టకండి. టోకెన్ పిలవడానికి ఒకరిద్దరు ముందు మొదలుపెట్టండి. రాత్రి సర్దిన సంగతి ఆ ఎదురుచూపులోనే చెప్పొచ్చు. ఆయన ఒళ్లో ఫోల్డర్ ఉంది. ముందున్న మనిషిని గుమస్తా ఏదో కాగితం అడిగితే, ఆయన తన ఫోల్డర్‌లో అదే కాగితం ఉందో లేదో చూసుకుంటాడు. ఉంది. ఇంకొకటి అడిగితే అదీ చూసుకుంటాడు. అదీ ఉంది. ఇలా చేస్తే పాఠకుడికి ఫోల్డర్ లోపలంతా తెలిసిపోతుంది, ఆయన స్వభావమూ తెలిసిపోతుంది, కథ ఒక్క అడుగు కూడా వెనక్కి వెళ్లదు.

కలర్ జిరాక్స్ సంగతి కూడా ఇక్కడే రావాలి, చాలా మామూలుగా. ఉదాహరణకు:

> ఇంట్లో ఒకటి ఉండాలని కలర్‌లో తీయించాడు. షాపతను రెండూ పక్కపక్కన పెట్టి, "ఏది ఏదో చెప్పండి చూద్దాం" అన్నాడు. ఆయన నవ్వాడు. వెనక ఎవరో చిల్లర మోగించారు.

ఇంతే. ఇక్కడ ఆగాలి. "ఆ నవ్వే తన కొంప ముంచుతుందని ఆయనకు తెలియదు" లాంటి వాక్యం రాశారంటే పాఠకుడి చేతిలోంచి కథ లాక్కున్నట్టే.

5. "లేదు" అని తెలిసే క్షణం రాయండి

కథలో అన్నిటికంటే ఎక్కువ చోటు దీనికివ్వాలి. గడియారంలో అర నిమిషం, కాగితం మీద ఒక పేజీ.

మొదటి ప్రతిలో ఎక్కువమంది ఇలా రాస్తారు:

> "ఇది ఒరిజినల్ కాదు" అంది గుమస్తా. ఆయన గుండె ఆగినంత పనైంది. కాళ్లకింద భూమి కదిలినట్టయింది. కూతురి ముఖం కళ్లముందు మెదిలింది. ఇన్నేళ్ల కష్టం ఒక్క కాగితం ముక్కతో వృథా అయిపోయిందా?

దీంట్లో ఏముందో చూడండి. గుండె, భూమి, కూతురి ముఖం, ఇన్నేళ్ల కష్టం. ఈ నాలుగూ ఏ తండ్రి కథలోనైనా, ఆస్పత్రిలోనైనా, బ్యాంకులోనైనా పెట్టొచ్చు. ఫోల్డర్ ఎక్కడికి పోయింది? కాగితం ఎక్కడికి పోయింది?

అదే చోటును చేతులతో రాస్తే:

> గుమస్తా కాగితాన్ని కవర్లోంచి బయటికి లాగింది. మధ్యలో బొటనవేలితో ఒకసారి నిమిరింది. తిరగేసింది. వెనక వైపు తెల్లగా ఉంది.
>
> "ఇది కలర్ జిరాక్స్ అండీ. ఒరిజినల్ ఏది?"
>
> "అదే ఒరిజినలమ్మా."
>
> ఆమె కాగితాన్ని అద్దం కింది సందులోంచి ఇటు జరిపింది. "మడత మీద చెయ్యి పెట్టి చూడండి."
>
> ఆయన చెయ్యి పెట్టాడు. గీత కనిపిస్తోంది. వేలికి తగల్లేదు.
>
> తర్వాతి కవరు తీసి చూశాడు. స్కూలు సర్టిఫికెట్. దాని తర్వాతది కూడా చూశాడు. కరెంటు బిల్లు. అది ఉంది.

చివరి రెండు వరుసలు గమనించండి. అక్కడ ఉండదని ఆయనకు తెలుసు. అయినా చూస్తాడు. మనిషి కంగారు పడ్డాడని చెప్పడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. "అది ఉంది" అన్న రెండు మాటలు, ఉన్నవాటి వల్ల ఇప్పుడు ఏ ఉపయోగమూ లేదని చెబుతాయి, ఆ మాట ఎక్కడా అనకుండానే.

గుమస్తా కాగితాన్ని తిరగేయడం కూడా ఊరికే పెట్టింది కాదు. పెన్నుతో గట్టిగా పెట్టిన సంతకం వెనక వైపు అచ్చు గుద్దినట్టు ఉబ్బుతుంది. రబ్బరు స్టాంపు సిరా కొంచెం వెనక్కి దిగుతుంది. రోజూ వందల కాగితాలు చూసే మనిషి వేళ్లకు ఇవి అలవాటు. ఆమె చేతి పనితనం కనిపిస్తే ఆమె పట్ల పాఠకుడికి గౌరవం కలుగుతుంది, ఆమె చెడ్డదా మంచిదా అన్న ప్రశ్నే రాదు.

*హెచ్చరిక:* ఈ క్షణంలో గతంలోకి వెళ్లకండి. కూతురు పుట్టిన రోజు, ఆ సర్టిఫికెట్ కోసం అప్పట్లో తిరిగిన తిరుగుడు, ఇవన్నీ ఇక్కడ రాయాలని చెయ్యి దురదపెడుతుంది. ఆ కాగితం అంటే ఆయనకు ప్రాణమని చెప్పదలచుకుంటే 4వ మెట్టులో, ఎదురుచూపులో, ఒక్క వాక్యంలో చెప్పేయండి.

6. తర్వాత ఏం జరగాలి

అందరూ అడిగేది ఇదే కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఆయన ముందు నిజంగా ఉన్న దారులు రాసుకోండి. గుమస్తాను బతిమాలొచ్చు. ఇంటికి ఫోన్ చెయ్యొచ్చు. బయటికెళ్లి మధ్యవర్తిని పట్టుకోవచ్చు. తిరిగి ఇంటికెళ్లిపోవచ్చు. ఇప్పుడు 2వ మెట్టులో ఫోల్డర్ సర్దిన మనిషి వీటిలో ఏది చేస్తాడని అడగండి. పెన్సిల్‌తో పేరు రాసిన మనిషి ముందుగా కాగితం ఎక్కడుందో తెలుసుకోవాలనుకుంటాడు. అది తెలిసేదాకా అతనికి ఇంకేమీ పట్టదు. కాబట్టి ఫోన్.

> "బీరువాలో, పై అరలో, నీలం కవరు. అందులో నీ బర్త్ సర్టిఫికెట్ ఉంటుంది, తియ్యి."
>
> "అది జిరాక్సే కదా నాన్నా? రాత్రి నువ్వే చెప్పావుగా."
>
> "మడత మీద చెయ్యి పెట్టి చూడు."
>
> అవతల కవరు చప్పుడైంది.
>
> "తగుల్తోంది నాన్నా."

ఇక్కడ ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కూతురు "అయ్యో నాన్నా" అనకూడదు. "నాకోసం ఎంత కష్టపడుతున్నావు" అని అసలే అనకూడదు. గుమస్తా చెప్పిన మాటనే తండ్రి కూతురికి చెప్పడం చూడండి. పది నిమిషాల క్రితం తను నేర్చుకున్నది, ఇప్పుడు తను నేర్పుతున్నాడు. దీన్ని వివరించకుండా వదిలేస్తేనే పనిచేస్తుంది.

ఇప్పుడు టైము 12 గంటల 35 నిమిషాలు. కూతురు ఇప్పుడే బయల్దేరినా ఒంటిగంటలోపు చేరడం కుదరదు. రేపు పొద్దున రావాలి, రేపే చివరి రోజు. ఇక ఏం చెయ్యాలి? చాలామంది కథను ఇక్కడ ఆపి, ఆయన్ని మెట్లమీద కూలబెట్టి కన్నీళ్లు పెట్టిస్తారు. అలా చెయ్యకండి. ఆయనకు ఇంకొక పని ఉంది. ఆ పని ఆయన ఒక్కడికే తడుతుంది.

ఆయన మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్తాడు. వెనకున్న మనిషి, "అయిపోయింది కదండీ మీది" అంటాడు. ఆయన అద్దం కింది సందులోకి వంగి అడుగుతాడు: "మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయా అమ్మా? ఒక్కసారి చూస్తారా?"

ఈ ప్రశ్నే కథకు పట్టు. అందులో బతిమాలడం లేదు, కోపం లేదు. రేపు వచ్చినప్పుడు ఇంకేదో తక్కువైతే ఇక రోజు మిగల్దు, అందుకే అడుగుతున్నాడు. అంతే కాదు, నిన్న రాత్రి తను సర్దినదాంట్లో ఎంత నిజమో ఆయనకు తెలియాలి. తన చేతులమీద తనకు నమ్మకం పోయింది, దాన్ని ఇంకొకరు సరిచూడాలి. ఒక్క అడ్మినిస్ట్రేటివ్ ప్రశ్నలో ఇదంతా ఉంది.

*వేరే దారి:* మీ తండ్రి పాత్ర మాటకారి అయితే ఫోన్ వద్దు, గుమస్తాతో సంభాషణ పెంచండి. ముంగి మనిషైతే ఫోన్ కూడా తీసేసి, ఆ ప్రశ్న ఒక్కటే ఉంచొచ్చు. మధ్యవర్తి దారి మాత్రం ఎంచుకోకండి. ఆ పాత్ర రాగానే కథ అతనిదైపోతుంది.

7. ఎక్కడ ఆపాలి

గుమస్తా గడియారం చూస్తుంది. ఫోల్డర్ ఇటు తీసుకుంటుంది. ఫారం మీద పెన్సిల్‌తో ఒక్కొక్కటీ టిక్కు పెడుతూ పోతుంది. ఐదో వరుస వదిలేసి ఆరోది, ఏడోది. ఫొటో తిరగేసి పేరు చూస్తుంది. ఫారం రెండో పేజీలో ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ సంతకం మిస్సయింది, రేపు నా ముందు పెట్టండి" అంటుంది. ఆయన అడగకపోతే రేపు అదీ అడ్డం పడేదన్నమాట.

అక్కడ ఆపేయొచ్చు. రేపు ఏమైందో చెప్పనక్కర్లేదు, ఎందుకంటే రేపు పని జరుగుతుందని పాఠకుడికి ఈపాటికి ఒక నమ్మకం కుదిరింది. ఐదో వరుస ఖాళీగా ఉందని మళ్లీ గుర్తు చెయ్యకండి. టిక్కులు పెట్టేటప్పుడు ఒకసారి చెప్పారు, చాలు.

ముగింపు దొరక్కపోతే కొందరు మలుపు పెడతారు: కాగితం మార్చింది కూతురే అనో, గుమస్తా ఆయన పాత స్నేహితుడి కూతురనో. ఈ కథకు మలుపు నప్పదు. మలుపు వస్తే పాఠకుడు వెనక్కి తిరిగి మోసాన్ని వెతుక్కుంటాడు, మనిషిని వదిలేస్తాడు.

తరచూ కనిపించే తప్పులు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది క్యూలో ఉన్నవాళ్లందరూ తలొక మాట అనడం. ఒకడు సానుభూతి చూపిస్తాడు, ఒకడు ప్రభుత్వాన్ని తిడతాడు, ఒకడు విసుక్కుంటాడు. అంతమంది మాట్లాడితే తండ్రి మాట వినపడదు. ఒక్క మనిషిని, ఒక్క వాక్యాన్ని ఉంచండి.

రెండోది, తండ్రిని మరీ పేదవాణ్ని, మరీ అమాయకుణ్ని చెయ్యడం. చిరిగిన చొక్కా, వణికే చేతులు, అరిగిన చెప్పులు. ఇవి పెట్టగానే ఆయన తప్పు పేదరికం ఖాతాలోకి వెళ్లిపోతుంది. మన కథలో ఆయనకు చదువొచ్చు, ఫారం తనే నింపాడు, జాబితా చదివాడు. అయినా జరిగింది. అందుకే కథ.

మూడోది లెక్క తప్పడం. ఒకచోట కౌంటర్ ఒంటిగంటకు మూస్తారని రాసి, ఇంకోచోట మధ్యాహ్నం ఎండ దిగిందని రాస్తారు. జనన పత్రం ఫోల్డర్‌లో ఒకసారి ఐదోది, ఇంకోసారి మూడోది అవుతుంది. ఈ కథలో పాఠకుడు కాగితాలు లెక్కపెడుతూ ఉంటాడు. ఒక్కటి తప్పినా పట్టేస్తాడు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ముందు లేని కాగితాన్ని మార్చి చూడండి. జనన ధ్రువీకరణ పత్రం బదులు కరెంటు బిల్లు లేదని రాయండి. మిగతా కథ ఒక్క వాక్యం కూడా మార్చకుండా అలాగే నిలబడితే, మీ కథ ఆ కాగితం గురించి లేదన్నమాట. 1వ మెట్టుకు వెళ్లండి. మన ఉదాహరణలో కరెంటు బిల్లు పెడితే మడత లేదు, కలర్ జిరాక్స్ లేదు, ఫోన్ సంభాషణ లేదు. కథ కూలిపోతుంది. అలా కూలాలి.

తర్వాత గుమస్తా మాటలు మాత్రమే వరుసగా రాసుకుని చదవండి. ఆమె స్థానంలో మీరుంటే అవే మాటలు అంటారా? ఎక్కడైనా ఆమె పాఠకుడి కోపం కోసం మాట్లాడుతోందనిపిస్తే ఆ మాట తీసేయండి.

గుండె, గొంతు, కన్నీళ్లు, నిట్టూర్పు అన్న మాటలకు కింద గీత పెట్టండి. ప్రతి గీత దగ్గరా ఆయన చేతిలో ఏ కాగితం ఉందో రాయగలరేమో చూడండి. రాయగలిగితే ఆ మాట అక్కర్లేదు. రాయలేకపోతే, ఆ క్షణంలో ఆయన ఎక్కడ నిలబడ్డాడో మీరే మరిచిపోయారు.

చివరగా, కథ చదవని ఒకరికి ఇచ్చి రెండే ప్రశ్నలు అడగండి: ఏ కాగితం లేదు, అది ఇప్పుడు ఎక్కడుంది? రెండిటికీ తడుముకోకుండా చెప్పాలి. మొదటిదానికి చెప్పి రెండోదానికి ఆగిపోతే, షాపు దృశ్యం మరీ మసగ్గా ఉంది, ఒక వాక్యం కలపండి. కథ సగంలో ఉండగానే, గుమస్తా నోరు విప్పకముందే, "కవర్లో ఉన్నది జిరాక్స్ కదూ" అని వాళ్లే అనేస్తే షాపతని మాట కొంచెం గట్టిగా పడింది, ఆ నవ్వు తీసేసి చూడండి. వీలైతే ఆ చదివే మనిషి కౌంటర్లో పనిచేసినవాళ్లు అయ్యేలా చూసుకోండి. వాళ్లు భాష గురించి ఏమీ అనరు. "ఆవిడ ఫారం చూడకుండా ముందు సర్టిఫికెట్ ఎందుకు తీసింది?" అని అడుగుతారు. అలాంటి ప్రశ్న వచ్చిన ప్రతిచోటా వాళ్లు చెప్పిన వరుసలోకి దృశ్యాన్ని మార్చి రాయండి.